‘మెజారిటీ’ ఎవరిది?

సందేహం: 2019లో వైసీపీకి 151 సీట్లు వచ్చాయి కాబట్టి ‘మెజారిటీ ప్రజలు’ ఆ పార్టీకే ఓటేశారని రాయడం సరైనదేనా? రాజోలులో జనసేన 814 ఓట్ల ‘మెజారిటీ’తో గెలిచిందనీ అంటారు. రెండూ ఒకటేనా? అన్ని సీట్లు వచ్చాయంటే ఓట్లూ అన్ని వచ్చినట్టే కదా!
– ఒక పాఠకుడు, అమలాపురం

సమాధానం: రెండూ ఒకటి కాదు. కౌంటింగ్ కేంద్రం బయట నిలబడి “ఎంత మెజారిటీ?” అని అడిగేవారు తెలుసుకోవాలనుకునేది మొదటి ఇద్దరి మధ్య తేడాని. 814 అదే. ‘అసెంబ్లీలో మెజారిటీ’ అంటే 175లో సగం దాటడం, అంటే 88. ఈ రెండు వాడుకలూ తెలుగులో స్థిరపడిపోయాయి, తప్పు పట్టక్కర్లేదు. ‘మెజారిటీ ప్రజలు’ దగ్గరే చిక్కు. ఆ మాట వింటే ఓటేసినవారిలో సగానికి పైగా అనే ఎవరైనా అనుకుంటారు. 2019లో వైసీపీకి పడినవి 49.95 శాతం ఓట్లు. సగానికి వెంట్రుకవాసి తక్కువే అయినా తక్కువే. వచ్చిన సీట్లు మాత్రం 86 శాతం. కాబట్టి ‘అన్ని పార్టీల కన్నా ఎక్కువమంది’ అని రాస్తే సరిపోతుంది.

ఇక మీ చివరి ప్రశ్న. మన పద్ధతిలో గెలవాలంటే సగం ఓట్లు రావాలన్న నియమమే లేదు, పక్కవాడి కన్నా ఒక్క ఓటు ఎక్కువ వస్తే చాలు. అదే ఏడాది భీమవరం లెక్క చూడండి. వైసీపీ అభ్యర్థికి 70,642 ఓట్లు, జనసేన నుంచి నిలబడ్డ పవన్ కల్యాణ్‌కి 62,285. తెలుగుదేశానికి 54 వేల పైచిలుకు. రెండో, మూడో స్థానాల వాళ్ల ఓట్లు కలిపితే లక్షా పదహారు వేలు దాటుతాయి. అయినా సీటు 70 వేలు తెచ్చుకున్నాయనదే. ఆ లక్షా పదహారు వేలూ చెల్లని ఓట్లు కావు, శుభ్రంగా లెక్కలోకి వచ్చిన ఓట్లే. సీటుగా మాత్రం మారలేదు. (కొందరు వీటిని ‘మురిగిపోయిన ఓట్లు’ అంటున్నారు. చెల్లని ఓట్లతో కలిసిపోయే ప్రమాదం ఉంది కాబట్టి నాకు ఆ మాట నచ్చదు.)

ఓడినవారి ఓట్లే కాదు, గెలిచినవారి అదనపు ఓట్లూ అంతే. చేను నిండాక మిగిలిన నీళ్లు గండి కొడితే పక్క చేలోకి పారతాయి గానీ, ఓట్లు నియోజకవర్గం గట్టు దాటవు. ఒకచోట అరవై వేల తేడాతో గెలిచినా వచ్చేది ఒక్క సీటే, 814తో గెలిచినా ఒక్కటే. అందుకే రాష్ట్రమంతా దాదాపు ఒకే తీరుగా కాస్త ముందున్న పార్టీ సీట్లన్నీ ఊడ్చేస్తుంది, అంతటా కాస్త వెనకబడ్డ పార్టీ తుడిచిపెట్టుకుపోతుంది. 2019లో తెలుగుదేశానికి సుమారు 39 శాతం ఓట్లు, 23 సీట్లు. 2024లో వైసీపీకీ సుమారు 39 శాతమే, 11 సీట్లు. అప్పుడు ఉభయ గోదావరి జిల్లాల పాత లెక్కన 34 స్థానాల్లో ఒక్కటీ దానికి దక్కలేదు. ఇక్కడ దానికి ఓటేసినవారు లేరా అంటే, లక్షల్లో ఉన్నారు. ఎక్కడా మొదటి స్థానంలో లేరు, అంతే. 2019లో విడివిడిగా నిలబడ్డ తెలుగుదేశం, జనసేన, బీజేపీ 2024లో పొత్తు పెట్టుకున్నాయి. భీమవరంలో అప్పుడు మూడో స్థానంలో ఉన్న అభ్యర్థే జనసేన టికెట్‌పై అరవై వేలు దాటిన మెజారిటీతో గెలిచారు.

కాబట్టి ‘ప్రజలు తిరస్కరించారు’ అని రాసే విలేకరులు ‘ఎంతమంది’ అని ఒకసారి చూసుకోవాలి. 39 శాతం అంటే పదిమందిలో దాదాపు నలుగురు.

మరో చోట కూడా ఇలాగే పొరపాటు పడతారు. 2024లో జనసేనకి రాష్ట్రం మొత్తం ఓట్లలో 7 శాతం కూడా రాలేదు, సీట్లు మాత్రం 21, అంటే 12 శాతం. చూడగానే ఇదీ పైన చెప్పిన మహిమే అనిపిస్తుంది. అసలు విషయం, ఆ పార్టీ నిలబడిందే 21 చోట్ల. మిగిలిన 154 స్థానాల్లో పొత్తు అభిమానుల ఓట్లు తెలుగుదేశం, బీజేపీ గుర్తుల మీద పడ్డాయి, ఆ పార్టీల ఖాతాలోకే వెళ్లాయి. 2019లో తెలుగుదేశంతో కలవకుండా చాలా చోట్ల నిలబడితే అయిదున్నర శాతం ఓట్లకి దక్కింది ఒక్క రాజోలే. పొత్తులో ఉన్న పార్టీ ఓట్ల శాతం రాసేటప్పుడు ‘పోటీ చేసిన స్థానాల్లో’నా, ‘రాష్ట్రమంతటా’నా అన్నది తప్పకుండా చెప్పండి. సీట్లతో పోల్చాలంటే పొత్తు మొత్తాన్ని ఒక్కటిగా తీసుకోవాలి: ముగ్గురికీ కలిపి 55 శాతం ఓట్లు, 164 సీట్లు. ఇక్కడైతే ‘మెజారిటీ ప్రజలు’ అని రాయొచ్చు. ‘ఓటేసినవారిలో’ అని ముందు చేరిస్తే ఇంకా మంచిది.