సందేహాలు – సమాధానాలు: మాట మార్చాలా, వాక్యం కుదించాలా?

సందేహం: మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. ఉప కేంద్రంలో షుగర్ పరీక్ష ఉందని ఊరివాళ్ల ఫోన్లకు మెసేజ్ పంపాలి. ఊళ్లో ముసలివాళ్లు ఎక్కువ. పక్క తండావాళ్లు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. రైస్ మిల్లుల్లో బీహార్ నుంచి వచ్చి నాలుగైదేళ్లుగా ఉంటున్నవాళ్లూ ఉన్నారు. నేను రాసింది ఇది:

"ఈ నెల 12వ తేదీ గురువారం ఉదయం ఉప కేంద్రంలో నిర్వహించబడు మధుమేహ నిర్ధారణ శిబిరానికి హాజరగు లబ్ధిదారులు, ముందు రోజు రాత్రి భోజనానంతరం ఎట్టి ఆహారం స్వీకరించక, మంచినీరు మినహా, పరగడుపున, ఇప్పటికే వాడుచున్న మాత్రలు మరియు ఆధార్ కార్డు వెంట తెచ్చుకొని, రావలసిందిగా కోరడమైనది."

పోయినసారి ఇట్లాగే పంపితే కొందరు రాత్రి అన్నం మానేశారు, కొందరు పొద్దున చాయ్ తాగి వచ్చారు. మాటలు మార్చాలా, వాక్యాలు చిన్నవి చేయాలా?
– ఒక పాఠకురాలు

సమాధానం: రెండూ చేయాలి. అయితే పెద్దవాళ్లకు కష్టమయ్యేది ఒకటి, తెలుగు తర్వాత నేర్చుకున్నవాళ్లకు కష్టమయ్యేది మరొకటి. ఆ తేడా పట్టుకుంటే ఏది ఎంత మార్చాలో తెలుస్తుంది.

ముందు పెద్దవాళ్ల సంగతి. వయసు పెరిగితే మాటల సంపద తరగదు. విన్నదాన్ని చివరిదాకా తలలో నిలుపుకునే శక్తి తగ్గుతుంది. మా నాయనమ్మకు పహాణీ, కౌలు, రశీదు, జామీను లాంటి మాటలు నాకంటే బాగా తెలుసు. కానీ పొడుగు ఉత్తరం చదివి వినిపిస్తే సగంలో చేయి అడ్డం పెట్టి, "ఆగు బిడ్డా, ముందు ఏం చెప్పినవు?" అనేది. మీ మెసేజ్‌ను కూడా చాలా ఇళ్లలో మనవడో మనవరాలో చదివి వినిపిస్తారు. కాగితం మీద అయితే వెనక్కి వెళ్లి మళ్లీ చదువుకోవచ్చు, చెవితో విన్నదానికి ఆ వీలు లేదు.

తెలుగులో క్రియ వాక్యం చివర వస్తుంది. "తిని", "తినక", "తెచ్చుకొని", "వాడుచున్న" అని ఎన్ని అసమాపక క్రియలు ముందు పేర్చినా వ్యాకరణం ఒప్పుకుంటుంది. వినేవాళ్లు మాత్రం అవన్నీ పట్టుకొని చివరి క్రియ కోసం ఎదురుచూడాలి. మీ వాక్యంలో 34 మాటలున్నాయి. అంతకంటే బరువైనవి అందులోని ఏడు క్రియలు: నిర్వహించబడు, హాజరగు, స్వీకరించక, వాడుచున్న, తెచ్చుకొని, రావలసిందిగా, కోరడమైనది. చివరిది తప్ప ఒక్కటీ వాక్యాన్ని ముగించదు. ఆ చివరిది కూడా వాళ్లు చేయాల్సిన పని కాదు, మీరు కోరుతున్నారన్న సమాచారం.

అందుకే తెలుగులో వాక్యం పొడవును మాటలతో కొలిస్తే మోసపోతాం. "చేయించుకోవలసివుంటుంది" లెక్కకు ఒక్క మాటే, కానీ వినేవాళ్లకు అది నాలుగు మాటల పని. క్రియలు లెక్కపెట్టండి. ఒక వాక్యానికి ముగించే క్రియ ఒకటి, దానికి ముందు అవసరమైతే మరొకటి. అంతకు మించితే విరగ్గొట్టండి.

రాత్రి అన్నం మానేసినవాళ్లు ఎక్కడ తప్పిపోయారో ఇప్పుడు చూడండి. "రాత్రి భోజనానంతరం ఎట్టి ఆహారం స్వీకరించక" అన్నప్పుడు వాళ్ల చెవిన పడ్డవి రాత్రి, భోజనం, స్వీకరించక. మధ్యలో "అనంతరం" సంధిలో కరిగిపోయింది. షుగర్ గోలీలు వేసుకునే మనిషి రాత్రి తినకపోతే షుగర్ మరీ పడిపోయి కళ్లు తిరగవచ్చు, కాబట్టి దీన్ని చిన్న పొరపాటు అనుకోలేం. ఇక చాయ్ తాగి వచ్చినవాళ్ల తప్పేమీ లేదు. మన ఊళ్లలో చాయ్‌ని ఎవరూ ఆహారం అనుకోరు. పాలు, చక్కెర ఉన్న చాయ్ తాగితే పరీక్ష లెక్క మారుతుంది కనుక దాని పేరు విడిగా చెప్పాలి. "మంచినీరు మినహా" అన్నది దేనికి తగులుతుందో వెతుక్కోవాలి. నీళ్లు కూడా వద్దనుకున్నవాళ్లు తప్పకుండా ఉండి ఉంటారు.

తర్వాత నేర్చుకున్నవాళ్లది దాదాపు ఇందుకు ఎదురు. తండాల్లోని పడుచువాళ్లు తెలుగు బడిలో చదివినవాళ్లే, వాళ్లకు పెద్ద ఇబ్బంది ఉండదు. తండా పెద్దలకూ మిల్లు పనివాళ్లకూ తెలుగు అంగడిలో, పని దగ్గర చెవిన పడి వచ్చింది. రోజూ వినే మాట అయితే వాక్యం కాస్త పొడుగైనా పట్టుకుంటారు, వినని మాట ఒక్కటి తగిలితే అక్కడే ఆగిపోతారు.

వాళ్లకు అన్నిటికంటే కష్టం మన వ్యతిరేకార్థం. హిందీలోనూ ఉర్దూలోనూ "నహీ", "మత్" అని విడి మాట ఉంటుంది. తెలుగులో అది క్రియ కడుపులో దాక్కుంటుంది. "తిని రండి", "తినక రండి" అన్న రెంటికీ మధ్య తేడా ఒకటి రెండు అక్షరాలే. ఫోన్లో గబగబా వింటే మనకే తప్పిపోతుంది. తినక, తినకుండా, తినకండి, తినరాదు అని రకరకాలుగా రాయకుండా అన్నిచోట్లా "తినవద్దు" అనే రాయండి. "వద్దు" అన్నది ఇక్కడికి వచ్చినవాళ్లు మొదటి వారంలోనే నేర్చుకునే మాట.

బడిలో పునరుక్తి దోషమని నేర్చుకున్నాం. ఇక్కడ దాన్ని పక్కన పెట్టండి. ఒక వస్తువుకు మెసేజ్ అంతటా ఒకటే పేరు ఉండాలి. ఒకచోట మాత్ర, ఒకచోట గోలీ, ఇంకోచోట టాబ్లెట్ అంటే అవి మూడు వేరు వస్తువులని వాళ్లు అనుకుంటారు. "మందు" అసలు వాడకండి. పనిచోట వాళ్లు విన్న మందు సాయంత్రం సీసాలోది. "పొద్దున మందు వేసుకోవద్దు" అంటే "నేను తాగనే తాగను" అని తల ఊపి, గోలీ వేసుకొని వస్తారు.

మాటలు ఎంచుకునేటప్పుడు మన దక్షిణ తెలంగాణకు ఒక అదృష్టం ఉంది. 1948 దాకా నిజాం పాలనలో ఉర్దూయే పాలనాభాష కాబట్టి తారీఖు, దవాఖాన లాంటివి మన పెద్దల నోట నిలిచిపోయాయి. గోలీ, చాయ్ కూడా రోజూ అనేవే. హిందీ వచ్చిన మనిషికి ఈ నాలుగూ సొంత మాటలే. "మాత్ర" రాస్తే బీహార్ మనిషికి అందదు, "టాబ్లెట్" రాస్తే మన అవ్వ ఒక్క క్షణం తడుముకుంటుంది, "గోలీ" ఇద్దరికీ అందుతుంది. ఊరి మాటను రాతలో పెట్టడానికి మొహమాటపడేవాళ్లకు నేను ఎప్పుడూ చెప్పేది ఇదే.

అయితే క్రియల చివరలు మాత్రం రాతలో అలవాటైన తీరులోనే ఉంచండి. "తెచ్చుకోన్రి", "ఏస్కోండ్రి" అని మనం మాట్లాడుకుంటాం గానీ, రాసి ఉన్నది చదవడం మనకే అలవాటు లేదు. మనవడు అక్కడ తడబడతాడు.

మీ మెసేజ్‌ను నేనైతే ఇట్లా రాస్తాను:

"పెద్దలకు నమస్కారం.
12వ తారీఖు, గురువారం (బేస్తారం), పొద్దున 7 గంటలకు షుగర్ పరీక్ష ఉంది.
మన ఊరి ఉప కేంద్రానికి రండి.
బుధవారం రాత్రి అన్నం తినండి. 9 గంటల లోపల తినండి.
గురువారం పొద్దున ఏమీ తినవద్దు. చాయ్ తాగవద్దు. మంచినీళ్లు తాగవచ్చు.
గోలీలు వెంట తెచ్చుకోండి. పొద్దున ఇంట్లో గోలీ వేసుకోవద్దు. రక్తం ఇచ్చిన తర్వాత, సిస్టర్‌ను అడిగి వేసుకోండి.
ఆధార్ కార్డు తెచ్చుకోండి."

గోలీల సంగతి ఏం చెప్పాలన్నది మీ డాక్టర్‌నే అడగండి, ఇన్సులిన్ తీసుకునేవాళ్లకు వేరే మాట ఉండవచ్చు. నేను చూసేది వాక్యం వరకే. ఈ పరీక్షకు కనీసం 8 గంటలు ఏమీ తినకుండా ఉండాలి. ఆ లెక్కను చదివేవాళ్ల మీద వదలకుండా "9 గంటల లోపల" అని మీరే లెక్కగట్టి ఇవ్వండి. బేస్తారం పెద్దల కోసం పెట్టాను, అది బృహస్పతి వారమే. వారం పేరు అందనివాళ్లకు 12 అన్న అంకె ఉంది.

వాక్యాలు విరగ్గొట్టేటప్పుడు ఒక ప్రమాదం ఉంది. "రక్తం ఇచ్చిన తర్వాత" లాంటి అతుకు మాటలు కూడా తీసేసి "రక్తం ఇవ్వండి. గోలీ వేసుకోండి" అని రాస్తే ఏది ముందో ఏది తర్వాతో పోతుంది. "గోలీ వేసుకోవద్దు" అని ఒంటరిగా వదిలేస్తే గోలీలే పూర్తిగా మానేసేవాళ్లుంటారు. అందుకే అక్కడ "పొద్దున ఇంట్లో" అని హద్దు పెట్టి, ఆ వెంటనే ఎప్పుడు వేసుకోవాలో చెప్పాను. తర్వాత, అయితే, కాబట్టి, మాత్రం అన్నవి చిన్న మాటలే అయినా అర్థాన్ని మోసేవి. వాటిని కోసేయకండి.

పొట్టి వాక్యాలు వరసగా వస్తే గదిమినట్టు వినిపిస్తుందని కొందరి భయం. తెలుగులో మర్యాద పొడుగులో ఉండదు, "అండి"లో ఉంటుంది. మొదట ఒక నమస్కారం, ప్రతి క్రియకూ "రండి", "తినండి" అన్న రూపం ఉంటే చాలు. "కోరడమైనది"లో కోరేది ఎవరో కూడా తెలియదు, అందులో నాకు మర్యాద కనిపించదు.

తెలుగు లిపి రాని మిల్లు పనివాళ్లకు ఇదే మెసేజ్‌ను హిందీ వచ్చిన వాళ్ల చేత చెప్పించి, ఆడియోగా పంపండి. తండా పెద్దలకు అక్కడి పిల్లల్లో ఒకరి చేత లంబాడీలో చెప్పించండి. లంబాడీకి సొంత లిపి లేదు, తెలుగు అక్షరాల్లోనే రాయవచ్చు, కానీ పెద్దలకు గొంతు వినిపించడమే మేలు.

పంపే ముందు ఇద్దరు ముగ్గురికి వినిపించి చూడండి. "అర్థమైందా?" అని మాత్రం అడగకండి, అందరూ అయిందనే అంటారు. "అవ్వా, బుధవారం రాత్రి ఏం చేస్తవు?", "పొద్దుగాల చాయ్ తాగొచ్చా?", "గోలీ ఎప్పుడు వేసుకుంటవు?" అని అడగండి. ఎక్కడ తడబడితే ఆ వాక్యం ఒక్కటే మళ్లీ రాయండి.