మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైతే

"మా పాపకి ఐదేళ్లు. పక్క తడపడం మానేసి ఏడాదైంది, రెండు వారాలుగా మళ్లీ మొదలుపెట్టింది. నీళ్లు తెగ తాగుతోంది, కాస్త చిక్కింది కూడా. రాత్రిపూట నీళ్లు తగ్గిస్తే సరిపోతుందా?"

నీళ్లు మాత్రం తగ్గించకండి. మీరు చెప్పిన మూడూ కలిస్తే ముందు చూడాల్సింది షుగరే. రక్తంలో షుగర్ దాదాపు 180 దాటితే కిడ్నీలు దాన్ని మూత్రంలోకి వదిలేస్తాయి, అది తనతో నీటినీ లాక్కుపోతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికే పాపకి దాహం. ఇన్సులిన్ చాలక తిన్నది ఒంటబట్టదు, కొవ్వూ కండా కరుగుతాయి. గౌను వదులైతే 'పొడుగు సాగుతోందిలే' అనుకోవడం దగ్గరే చాలామంది పొరబడతారు. మూత్రం పడ్డచోట చీమలు పడుతున్నాయా చూడండి. పట్టకపోయినా పరీక్ష మానొద్దు.

పరగడుపు కోసం రేపటిదాకా ఆగొద్దు. ఇవాళే పాప చేతులు సబ్బుతో కడిగి, ఆరాక గ్లూకోమీటర్‌తో వేలి చుక్క చూడండి (వేలికి తీపి అంటుకుని ఉంటే అంకె తప్పొస్తుంది). 200 గానీ ఆపైన గానీ వస్తే ఇవాళే ఆసుపత్రికి తీసుకెళ్లండి, ఇన్సులిన్ ఆలస్యం కాకూడదు. తక్కువొచ్చినా పిల్లల డాక్టర్‌కి చూపించండి, యూరిన్ ఇన్ఫెక్షన్ వల్లా పక్క తడుస్తుంది.

వాంతులు, కడుపునొప్పి, మగత, ఆయాసం, నోట్లో మగ్గిన పండు వాసన, వీటిలో ఏది కనిపించినా మీటర్ కోసం వెతకకుండా నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లండి. అక్కడ 'గ్యాస్' అంటే, షుగర్‌నీ, కొవ్వు కరిగినప్పుడు రక్తంలో పేరుకునే కీటోన్లనీ చూడమని మీరే అడగండి.