బాకీ మెయిల్: మాట మెత్తగా, గడువు గట్టిగా

"ఎగ్జిబిషన్ స్టాల్ అద్దె బాకీ ఉన్న 40 మంది వెండర్లకు ఒకేసారి మెయిల్ పెట్టాను. కటువుగా ఉందని నొచ్చుకున్నారు. మెత్తగా రాస్తే కదలరేమో?"

నొప్పించింది గడువు కాదు, "మీరింకా కట్టలేదు" అన్న నింద. కట్టేసినవాళ్లకూ అదే వెళ్లి ఉంటుంది.

1. పంపే రోజు పొద్దున బ్యాంకు స్టేట్‌మెంట్ చూసి, కట్టినవాళ్ల వరుసలు బాకీల షీట్‌లోంచి తీసేయండి. అందరూ వదిలేసేది ఇదే. సగం కట్టినవాళ్లకు మిగిలిందే వేయండి.

2. పేరు, స్టాల్ నంబరు, బాకీ మాత్రమే, షీట్‌లోని వివరాలను ఒక్కో మెయిల్‌లో నింపే మెయిల్ మెర్జ్‌లో మారాలి. మిగతాది ఇలా:

"స్టాల్ 17 అద్దెలో ₹6,500 రావాలి. 12వ తేదీ సాయంత్రం 5లోపు అందితే స్టాల్ మీకే ఉంటుంది. ఆ తర్వాత వెయిటింగ్ లిస్టులో ఉన్నవారికి ఇస్తాం. ఇప్పటికే పంపి ఉంటే యూటీఆర్ నంబరు చెప్పండి, చాలు."

"వెంటనే", "చివరి హెచ్చరిక" తీసేయండి. తేదీ ఉంటే వాటితో పనిలేదు.

3. ముందు మీకే రెండు మెయిళ్లు పంపుకుని అంకెలు సరిచూసుకోండి.