సోబ్రెమెసా నేర్పిన ఇంటికి థాంక్స్ లెటర్ ఎలా రాయాలి?

ప్రశ్న: సలమాంకాలో ఒక స్పానిష్ కుటుంబంతో ఉంటూ సెమిస్టర్ పూర్తి చేశాను. ఇప్పుడు ఇంటర్న్‌షిప్ కోసం మాద్రిద్ వచ్చాను. వాళ్లకి ఒక ఉత్తరం రాయాలని ఉంది. భోజనం అయ్యాక గంటల తరబడి కూర్చుని మాట్లాడుకునే వాళ్ల సోబ్రెమెసా నాకు చాలా ఇష్టం. దాని అర్థం వివరిస్తూ ఒక పేరా కూడా పెట్టి ఉత్తరం చిత్తు రాసి, నిఘంటువు సాయంతో స్పానిష్‌లోకి మార్చాను. ఒకసారి చూసి చెప్తారా?

జవాబు: చూశానమ్మా. ఆ పేరా తీసేయండి. "సోబ్రెమెసా అంటే భోజనం తర్వాత బల్ల దగ్గరే కూర్చుని మాట్లాడుకునే అందమైన స్పానిష్ సంప్రదాయం" అని రాశారు. అర్థం తప్పేం కాదు. కానీ ఆ మాట పుట్టినప్పటి నుంచీ వాళ్ల నోట్లో నలుగుతున్నదే కదా, దాన్ని వాళ్లకే వివరిస్తే చదివి నవ్వుకుని పక్కన పెడతారు. మీరు వాళ్లకి చెప్పాల్సింది వేరే ఉంది. ఆ బల్ల దగ్గర మీకు మొదట్లో ఏం జరుగుతోందో అర్థం కాలేదు కదా? ఎందుకు అర్థం కాలేదో వాళ్లకి ఇప్పటికీ తెలియదు. ఉత్తరంలో ఉండాల్సింది అది.

మన ఇళ్లలో తిన్న చెయ్యి ఎండబెట్టుకుని కూర్చోకూడదంటారు. ముద్ద అయిపోగానే లేవాలి, చెయ్యి కడుక్కోవాలి, కంచం తీయాలి. కబుర్లు లేక కాదు. అవి ఆ తర్వాత వసారాలోనో, అరుగు మీదో, ఇప్పుడైతే సోఫాలోనో మొదలవుతాయి. ఎంగిలి కంచాల ముందు ఎవరూ కాలక్షేపం చేయరు. అలా పెరిగిన పిల్ల స్పానిష్ ఇంట్లో మొదటి వారం ఏం చేస్తుంది? చివరి ముక్క తినగానే లేచి, ప్లేటు సింకులో పెట్టి, మర్యాదగా "గ్రాసియాస్" చెప్పి గదిలోకి వెళ్లిపోతుంది. మనకి అది పద్ధతి. అక్కడ మిగిలినవాళ్లు మాత్రం ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. వంట నచ్చలేదా, ఇంటి మీద బెంగపెట్టుకుందా, మన మీద కోపమా అని ఆ ఇంటావిడ టెన్షన్ పడుతుంది. పైకి అడగదు. ఇలా అడగకుండా మిగిలిపోయే ప్రశ్నకి మీ ఉత్తరం జవాబు ఇవ్వాలి.

కొత్తగా వచ్చేవాళ్లు కూడా ఇది చదువుతారు కాబట్టి, అక్కడ జరిగేది కాస్త చెప్తాను. స్పెయిన్‌లో మధ్యాహ్న భోజనం రెండింటికీ మూడున్నరకీ మధ్యలో ఉంటుంది. రోజులో పెద్ద భోజనం అదే. మనకి ఆలస్యం అనిపిస్తుంది గానీ సూర్యుడి లెక్కలో అంత ఆలస్యమేమీ కాదు. 1940లో ఆ దేశం గడియారాన్ని గంట ముందుకు జరిపి, ఆ సమయాన్నే ఉంచేసుకుంది. అందుకే, వేసవిలో కలిపే ఇంకో గంట కూడా తోడై, జూన్‌లో సలమాంకాలో సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి గడియారంలో రెండు దాటి ఉంటుంది. మొదటి ప్లేటు, రెండో ప్లేటు, తర్వాత పండో తీపో, ఆ తర్వాత కాఫీ. కాఫీని స్వీటుతో కలిపి తేరు, అది అయ్యాకే వస్తుంది. సోబ్రెమెసా అసలు మొదలయ్యేది అక్కడే. బల్ల మీద రొట్టె తునకలు అలాగే ఉంటాయి, పండు తొక్కలు ప్లేట్లలోనే ఉంటాయి, ఎవరూ పట్టించుకోరు. ఆదివారమైతే చిన్న గ్లాసుల్లో ఏదో లిక్కర్ కూడా రావచ్చు. వద్దంటే ఏమీ అనుకోరు. వద్దని లేచి వెళ్లిపోతేనే అనుకుంటారు.

సలమాంకా చలి మీరు చూశారు కాబట్టి మెసా కమీయా గురించి మీకు చెప్పక్కర్లేదు. చూడనివాళ్ల కోసం చెప్తున్నాను. అది గుండ్రటి బల్ల, నేల దాకా దిగే మందపాటి గుడ్డ కప్పి ఉంటుంది. బల్ల అడుగున బ్రసేరో అనే కుంపటి పెట్టేవారు, ఇప్పుడు చాలా ఇళ్లలో కరెంటుది పెడుతున్నారు. అందరూ ఆ గుడ్డని ఒళ్లోకి లాక్కుని, కాళ్లు వేడిలో పెట్టుకుని కూర్చుంటారు. అక్కడి నుంచి లేవాలంటే అందరి కాళ్ల మీదికీ చలి వదలాలి. ఫిబ్రవరిలో ఆ బల్ల దగ్గర మాటలు ఎందుకు అంతసేపు సాగుతాయో ఒక్కసారి కూర్చుంటే తెలుస్తుంది.

ఎప్పుడు లేవాలో ఎవరూ చెప్పరు. కానీ గుర్తు ఉంది. ఎవరో ఒకరు తొడల మీద చేతులు ఆనించి "బుఎనో..." అని సాగదీస్తారు. మనం "సరే మరి" అన్నట్టు. అది విని వెంటనే లేచిపోకండి. ఇంకో కథ మొదలవుతుంది. రెండో మూడో "బుఎనో"కి ఇంటివాళ్లే ప్లేట్లు తీయడం మొదలుపెడతారు, అప్పుడు మీరూ చెయ్యి కలపండి. ముందే ప్లేట్లు పోగు చేస్తే "ఇక చాలు, ముగించండి" అన్నట్టు ఉంటుంది. ఒకరి మాట మీద ఒకరు మాట్లాడటం కూడా అక్కడ అమర్యాద కాదు, వింటున్నామని చెప్పడం. మధ్యలో మాట కలపకుండా చివరిదాకా ఒద్దికగా కూర్చున్న మనల్నే "విసుగొచ్చిందా?" అని అడుగుతారు. అంతర్యుద్ధం, పాత రాజకీయాలు మాత్రం వాళ్లు ఎత్తితేనే మాట్లాడండి. ఒకే బల్ల దగ్గర రెండు వైపుల వాళ్ల మనవలూ ఉండొచ్చు.

ఇక ఉత్తరం. మీరు నాకు రాసినదాంట్లో ఒక్క చోట ప్రాణం ఉంది. ఆ ఇంటి తాతగారు నారింజ తొక్కని తెగకుండా ఒకే తీగలా వలుస్తూ, కుర్రతనంలో జర్మనీ ఫ్యాక్టరీకి వెళ్లిన సంగతి చెప్పారని రాశారు. స్పెయిన్, పశ్చిమ జర్మనీ మధ్య 1960లో కార్మికుల ఒప్పందం జరిగింది. ఆ పదేళ్లలో లక్షల మంది స్పెయిన్‌వాళ్లు అలా వలస పోయారు. మీ ఎదురుగా కూర్చున్నాయన కూడా ఒకప్పుడు భాష రాని ఊళ్లో మీలాగే బతికిన మనిషి అన్నమాట. దాన్ని మీరు ఉత్తరం చివర్లో ఒక వాక్యంలో చెప్పి వదిలేశారు. దాన్ని పైకి తీసుకురండి. నేనైతే ఇలా రాస్తాను, ముందు తెలుగులో చదువుకోండి:

"ప్రియమైన కుటుంబానికి: మాద్రిద్ క్షేమంగా చేరాను. గది బాగుంది. ఆదివారం నాలుగింటికి మాత్రం ఏం చేయాలో తోచడం లేదు, ఆ వేళకి మీ ఇంట్లో రెండోసారి కాఫీ పెట్టేవారు కదా. మొదటి వారం నేను అందరికంటే ముందు లేచి వెళ్లిపోయేదాన్ని. వంట నచ్చక కాదు. మేము చేత్తో తింటాం, తిన్న చెయ్యి ఎండకముందే లేచి కడుక్కోవాలని మా అమ్మమ్మ నేర్పింది. ఫోర్కుతో తింటున్నా ఆ అలవాటు పోలేదు. తాతయ్యా, జర్మనీలో మొదటి నెలల్లో అందరూ నవ్వితే మీరూ నవ్వేవారని, ఎందుకు నవ్వుతున్నారో తెలిసేది కాదని చెప్పారు, గుర్తుందా? నేనూ మీ బల్ల దగ్గర అలాగే నవ్వేదాన్ని. ఆ రోజు మాత్రం అర్థమై నవ్వాను. నన్ను మీలో ఒకదానిలా కూర్చోబెట్టుకున్నందుకు థాంక్స్. సెలవుల్లో వస్తాను, సోబ్రెమెసాకి చోటు ఉంచండి."

అంతే. ఇందులో సోబ్రెమెసా అన్న మాట ఒక్కసారే వచ్చింది, అదీ చివర్లో. వంటలన్నిటినీ వరసగా పొగడాల్సిన పని లేదు. "చాలా చాలా కృతజ్ఞతలు" అని మూడు చోట్ల రాశారు, ఒకటి ఉంచండి. ఇంటి మనిషి అనుకున్నవాళ్లు మాటిమాటికీ థాంక్స్ చెప్తే వాళ్లకి దూరం పెట్టినట్టు ఉంటుంది.

స్పానిష్‌లోకి మార్చేటప్పుడు చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మీరు "ఎస్తిమాదా ఫమీలియా" అని మొదలుపెట్టారు. అది బ్యాంకుకో ఆఫీసుకో రాసే పిలుపు. ఇంటికి "కెరీదా ఫమీలియా" అనాలి. దాని తర్వాత ఇంగ్లిష్‌లోలా కామా పెట్టరు, రెండు చుక్కలు పెట్టి కింది లైనులో పెద్దక్షరంతో మొదలుపెడతారు. ఉత్తరమంతా వాళ్లని "ఉస్తేదెస్" అని రాశారు. మీ పాఠ్యపుస్తకం లాటిన్ అమెరికాది అయ్యుంటుంది. స్పెయిన్‌లో ఇంట్లోవాళ్లని కలిపి చనువుగా పిలిచేది "బొసోత్రోస్", క్రియలూ దానికి తగ్గట్టే మారాలి. పెద్దవాళ్లని తక్కువ చేసినట్టు కాదా అని మనకి బెరుకు ఉంటుంది. తాతగారిని మీరు ఇంట్లో ఎలా పిలిచేవారో ఉత్తరంలోనూ అలాగే పిలవండి. నోటితో చనువుగా పిలిచి కాగితం మీద మన్నించి "ఉస్తెద్" అంటే ఆయన నొచ్చుకుంటారు.

"ఫలానా దానికి థాంక్స్" అనేటప్పుడు "గ్రాసియాస్ పోర్" అనే వస్తుంది, "పారా" రాదు. మీరు రెండు చోట్ల "పారా" రాశారు. సోబ్రెమెసాకి వాళ్లు వాడే క్రియ "అసేర్", అంటే చేయడం. ఇంకాసేపు సాగదీయడానికి "అలార్గార్" అంటారు. సోబ్రెమెసా తిన్నామని ఎప్పుడూ రాయకండి. బ్రెజిల్ పోర్చుగీసులో అదే మాటకి భోజనం చివర తినే తీపి అని అర్థం, కొన్ని నిఘంటువుల్లో రెండూ పక్కపక్కనే ఉంటాయి. మీకు అక్కడే తేడా కొట్టినట్టుంది. "మీలో ఒకదానిలా" అన్నదానికి "కొమో ఉనా మాస్" అని సరిగ్గా రాశారు, దాన్ని ముట్టుకోకండి. ముగింపుకి "ఉన్ అబ్రాసో ఫ్వెర్తె" చాలు. గట్టిగా ఓ కౌగిలింత అని అర్థం, ఇంటిల్లిపాదికీ చెల్లుతుంది.

ఒక మాట. అన్ని ఇళ్లూ ఇలా ఉండవు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే ఇంట్లో మామూలు రోజున ఒకరు రెండింటికి, ఇంకొకరు నాలుగింటికి తింటారు. కాఫీ నిలబడే తాగేస్తారు. స్టూడెంట్లకి గది ఇవ్వడం కొందరికి ఆదాయం మాత్రమే, అందులో తప్పేం లేదు. అలాంటి ఇంటికి సోబ్రెమెసా ఊసెత్తి రాస్తే అతకదు. గది శుభ్రంగా ఉందని, జ్వరం వచ్చినప్పుడు సూప్ చేసిపెట్టారని, జరిగిందే రాయాలి. మీకు దొరికింది ఆదివారాల ఇల్లు, అందుకే ఇంత చెప్తున్నాను.

చేత్తోనే రాయండి. ఒకటి రెండు తప్పులు మిగిలినా పరవాలేదు, భాషంతా దిద్ది పంపితే అది మీ గొంతులా ఉండదు. స్టాంపులు పోస్టాఫీసులోనే కాదు, ఎస్తాంకో అనే పొగాకు కొట్లోనూ అమ్ముతారు. వీధుల్లో పసుపు రంగు డబ్బా కనిపిస్తే అదే పోస్టు డబ్బా. జూలై మధ్యలోపే వేయండి. ఆగస్టు వస్తే సగం స్పెయిన్ సొంతూళ్లకో సముద్రానికో వెళ్లిపోతుంది, ఇల్లు తాళం వేసి ఉంటే మీ ఉత్తరం సెప్టెంబరు దాకా డబ్బాలోనే పడి ఉంటుంది.