118 స్లైడ్ల పాఠాన్ని ఎక్కడ కోయాలి?

ప్రశ్న: సార్, నేను నల్గొండ జిల్లాల ఒక పాల సంఘంలో సూపర్‌వైజర్‌గా చేస్తున్న. ఊళ్లల్ల పాల కేంద్రాలు నడిపేటోళ్లకు శిక్షణ ఇచ్చే పవర్‌పాయింట్ 118 స్లైడ్లుంది. పొద్దటి నుంచి సాయంత్రం దాకా చెప్తే తెల్లారి సగం కూడా గుర్తుంటలేదు. చిన్న చిన్న పాఠాలుగ చేసి ఫోన్లకు పంపమంటున్నరు. పదేసి స్లైడ్ల చొప్పున కోసి చూసిన, కుదురుతలేదు. ఎట్ల విడగొట్టాలె? ఫైలు జత చేస్తున్న. – దేవరకొండ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఫైలు మొత్తం చూశాను. పదేసి చొప్పున కోస్తే మీ ఏడో ముక్కలో 61 నుంచి 70 దాకా స్లైడ్లు పడ్డాయి. అందులో మొదటి ఏడు, పాలలో నీళ్లు కలిశాయేమో చూసే లాక్టోమీటర్ పాఠం తోక, చివరి మూడు వెన్న పరీక్ష తల. అది చూసినాయన ఏ పనీ నేర్చుకోలేడు. పోనీ అధ్యాయాల వారీగా కోద్దామన్నా ఇంకో ప్రమాదం ఉంది. యాసిడ్ జాగ్రత్తలు 109వ స్లైడు నుంచి ఉన్నాయి, యాసిడ్ వాడే పరీక్షేమో 68 దగ్గరే మొదలైంది. ఒకే రోజు హాల్లో కూర్చోబెట్టి చెప్పినప్పుడు మీరు నోటిమాటగా ముందే హెచ్చరిస్తారు కాబట్టి నడిచిపోయింది. వారానికో పాఠం ఫోనుకు పంపితే, జాగ్రత్తలు చేరేలోపు ఆయన రెండు వారాలుగా యాసిడ్ పోస్తూ ఉంటాడు.

అందుకే ముందు పవర్‌పాయింట్ మూసేయండి. ఒక కాగితం తీసుకుని, పొద్దున్నే క్యాన్లు వచ్చినప్పటి నుంచి కేంద్రం తలుపు మూసేదాకా ఆ మనిషి చేతులు ఏమేం చేస్తాయో వరసగా రాయండి. ఒక్కో పనికి ఒక్కో వాక్యం. ఆ వాక్యమే ఆ పాఠం లక్ష్యం. అందులో మూడు సంగతులు ఉండాలి: ఏం చేయాలి, ఏ సరంజామాతో ఏ పరిస్థితిలో చేయాలి, ఎంత కచ్చితంగా చేస్తే వచ్చినట్టు లెక్క.

మీ 49వ స్లైడు మీద "లాక్టోమీటర్ గురించి తెలుసుకోవడం" అని ఉంది. తెలిసిందో లేదో మీరెట్లా చూస్తారు? దాన్ని ఇట్లా మార్చి చూడండి: "కేంద్రానికి వచ్చిన పాల నమూనాలో లాక్టోమీటర్, థర్మామీటర్ పెట్టి, వేడికి సవరించిన రీడింగును సగం గీతకు మించి తేడా రాకుండా రిజిస్టర్లో రాయగలగాలి." ఇప్పుడు మీరు పక్కన నిలబడి చూసి అవునో కాదో చెప్పవచ్చు. "తెలుసుకోవడం", "అవగాహన", "అర్థం చేసుకోవడం" లాంటి మాటలు లక్ష్యంలో కనబడితే ఆ వాక్యం ఇంకా సిద్ధం కాలేదన్నమాట.

ఈ వాక్యంలో రీడింగు చూడటం, సవరించడం రెండు పనులు కదా, రెండు పాఠాలు చేయాలా అని మీకు అనుమానం రావచ్చు. అక్కర్లేదు. సవరించని రీడింగు రిజిస్టర్లోకి ఎక్కితే అది తప్పే, కాబట్టి మొదటి సగం ఒక్కటే వచ్చిన మనిషి వల్ల పని జరగదు. వెన్న పరీక్ష సంగతి వేరు. బ్యూటిరోమీటర్ అనే గాజు గొట్టం నింపడం ఒక పని. సరిగా నింపాడో లేదో అక్కడికక్కడే కనబడుతుంది. సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి రీడింగు తీయడం ఇంకో పని. అక్కడ రెండు పాఠాలు కావాలి. పాఠాన్ని కోయాలా వద్దా అన్నది నేను ఎప్పుడూ ఈ లెక్కనే తేల్చుకుంటాను. నిమిషాలను బట్టి కోయను. ఒక లక్ష్యానికి మూడు నిమిషాలు పడితే మూడు, ఆరు పడితే ఆరు.

లక్ష్యం రాసిన వెంటనే, స్లైడ్లు ముట్టుకోకముందే, ఆ పాఠం చివర అడిగే ప్రశ్న తయారు చేయండి. లాక్టోమీటర్ పాఠానికి నేనైతే ఇది అడుగుతాను: "లాక్టోమీటర్ మీద 27 డిగ్రీలు అని రాసి ఉంది. పాల వేడి 32 డిగ్రీలు. రీడింగు 27.5. రిజిస్టర్లో ఎంత రాస్తారు?" వేడి ఐదు డిగ్రీలు ఎక్కువ. డిగ్రీకి 0.2 చొప్పున 1.0 కలపాలి. జవాబు 28.5. మిగతా మూడు జవాబులు ఊరికే ఏవో అంకెలు పెట్టకండి. 27.5 పెట్టండి, అది గుర్తించినవాళ్లు సవరణే మరిచిపోయారు. 26.5 గుర్తించినవాళ్లు కలపాల్సింది తీసేశారు. 32.5 అన్నవాళ్లు డిగ్రీలను నేరుగా కలిపేశారు. ఎవరికి ఏం మళ్లీ చెప్పాలో వాళ్ల తప్పే చెప్పేస్తుంది. ఏప్రిల్, మే ఎండల్లో మన దగ్గర సాయంత్రం పాలు ఎంత వేడిగా వస్తాయో మీకు తెలుసు. సవరణ మరిచిపోతే చిక్కటి పాలు పోసిన రైతుకు కూడా నీళ్లు కలిపాడన్న మాట పడుతుంది. కాబట్టి ఈ ఒక్క ప్రశ్న దగ్గర రాజీ పడొద్దు.

ఇప్పుడు లాక్టోమీటర్ మీద మీరు పెట్టిన 19 స్లైడ్లను ఈ ప్రశ్న పక్కన పెట్టి చూడండి. జవాబు చెప్పడానికి పనికొచ్చేవి ఉంచి మిగతావి పక్కకు తీస్తే నాకు ఏడు మిగిలాయి. పాలు నురగ రాకుండా జాడీ అంచు దాకా పోయడం, లాక్టోమీటర్ గోడకు తగలకుండా నిలిచేదాకా ఆగడం, కంటి ఎత్తులో పెట్టి గీత చూడటం, థర్మామీటర్ చూడటం, సవరణ పట్టిక, ఒక లెక్క, రిజిస్టర్ ఫొటో. సాపేక్ష సాంద్రత నిర్వచనం, లాక్టోమీటర్ రకాల పట్టిక పోయాయి. గీత చూసే స్లైడును మాత్రం మార్చాలి. మీరు పెట్టిన బొమ్మ ఏదో నీళ్ల ప్రయోగానిది, అందులో ద్రవం వంపు అడుగు భాగం చూపించారు. పాలు తెల్లగా ఉంటాయి కాబట్టి అడుగు కనబడదు, కాడ చుట్టూ పైకి లేచిన అంచు దగ్గర చదవాలి. మీ కేంద్రంలోనే ఫోనుతో దగ్గరగా ఒక ఫొటో తీసి అక్కడ పెట్టండి.

వెన్న పరీక్షలో యాసిడ్ జాగ్రత్తలకు వేరే పాఠం పెట్టకండి. ఆ పది స్లైడ్లను విడదీసి ఏ అడుగులో ప్రమాదం ఉందో ఆ అడుగుకే అతికించండి. 10 మిల్లీలీటర్ల యాసిడ్ పోసే స్లైడు మీదే, నోటితో పీల్చొద్దని, మీద పడితే వెంటనే ఎక్కువ నీళ్లతో కడగాలని ఉండాలి. 10.75 మిల్లీలీటర్ల పాలు గోడ వెంట మెల్లగా జారవిడిచే స్లైడు మీద, ఒక్కసారిగా పోస్తే పాలు మాడతాయని ఉండాలి. ఒక మిల్లీలీటర్ అమైల్ ఆల్కహాల్ పోసి బిరడా బిగించి కలిపే స్లైడు మీద, గొట్టం కాలిపోతుంది, గుడ్డ చుట్టి పట్టుకోవాలని ఉండాలి. అయినా ఈ పాఠం ఒక్కటి ఫోనుతో పూర్తి కాదు. లక్ష్య వాక్యంలోనే "సూపర్‌వైజర్ ఎదుట" అని రాయండి. మీరు వెళ్లి ఒకసారి చేయించి చూశాకే ఆ మనిషికి వచ్చినట్టు లెక్క.

మిగతావి తొందరగా తేలతాయి. మొదటి 16 స్లైడ్ల సంఘం చరిత్రకు ఏ లక్ష్యమూ రాయలేము, పీడీఎఫ్ చేసి విడిగా ఇవ్వండి. శుభ్రమైన పాల ఉత్పత్తి మీద ఉన్న 24లో క్యాన్లు కడిగే భాగం తప్ప మిగిలింది పశువు పిండేవాళ్లు నేర్చుకోవాల్సింది, కేంద్రం నడిపేవాళ్లు కాదు. అది రైతుల కోసం దాచండి. క్యాన్లు కడగడం, నమూనా తీయడం, లాక్టోమీటర్, వెన్న పరీక్షకు రెండు, రేటు చూడటం, బిల్లు కట్టడం. మొత్తం ఏడు పాఠాలు.

ఇక పవర్‌పాయింట్‌లో చేసే పని. అసలు ఫైలుకు నకలు తీసి, View లో Slide Sorter తెరవండి. స్లైడ్లను కొత్త వరసలోకి లాగి, ప్రతి పాఠం మొదటి స్లైడు మీద రైట్ క్లిక్ చేసి Add Section ఇచ్చి పేరు పెట్టండి. ఆ ఫైలును పాఠానికొకటి చొప్పున Save As చేసి, ప్రతి దాంట్లో అక్కర్లేని సెక్షన్ పేరు మీద రైట్ క్లిక్ చేసి Remove Section & Slides నొక్కండి. కొత్త ఖాళీ ఫైలులోకి కాపీ చేయడం కంటే ఇది మేలు, రంగులూ అక్షరాలూ చెదరవు. స్లైడ్లు తీసేసినా ఫైలు బరువు తగ్గకపోతే View లో Slide Master తెరిచి చూడండి. వాడని లేఅవుట్లలో పెద్ద ఫొటోలు కూర్చుని ఉంటాయి.

విడగొట్టాక తప్పకుండా చూడాల్సింది ఒకటుంది. రేటు పాఠంలో, పాత 97వ స్లైడు మీద, "64వ స్లైడులోని పట్టిక చూడండి" అని ఉంది. ఆ 64 ఇప్పుడు ఇంకో ఫైలులో ఉంది. Ctrl+F కొట్టి "స్లైడు", "పైన", "ఇంతకుముందు", "తర్వాత" అనే మాటలు వెతకండి. మీ ఫైల్లో ఇట్లాంటివి 11 దొరికాయి. సవరణ పట్టికను రెండు పాఠాల్లోనూ పెట్టేయండి, ఒకే స్లైడు రెండుచోట్ల ఉంటే తప్పు లేదు. కాకపోతే పట్టిక మారినప్పుడు రెండూ మార్చాలని ఎక్కడన్నా రాసి పెట్టుకోండి.

ఫోనుకు పంపేది పవర్‌పాయింట్ ఫైలు కాకుండా వీడియో అయితే మంచిది. తెలుగు ఫాంటు లేని ఫోనులో అక్షరాలు గజిబిజి అయ్యే బాధ ఉండదు. File లో Export, Create a Video, అక్కడ HD (720p) చాలు. ఫైలు పేరు ముందు 01, 02 అని అంకె వేయండి, లేకపోతే వాట్సాప్‌లో పంపాక ఏది ముందో ఎవరికీ తెలియదు. రిజిస్టర్ ఫొటో స్లైడు మాత్రం ముందు మీ ఫోనులో ఒకసారి చూడండి. వాట్సాప్ కుదించాక అంకెలు కనబడకపోతే ఫొటోను ఒక్క వరుసకు కత్తిరించి పెద్దది చేయండి.

ప్రశ్న: మా ట్రైనింగ్ పాఠాలను ఇట్లనే చిన్నగ చేసి గొంతు రికార్డ్ చేసిన. వీడియోల ప్రతి స్లైడు మొదట రెండు మాటలు వినపడుతలేవు. మైకు మార్చినా అంతే. – మహబూబ్‌నగర్ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మైకు బాగానే ఉందమ్మా. ఒక స్లైడు నుంచి ఇంకో స్లైడుకు మారే ఎఫెక్ట్ నడుస్తున్నంతసేపు పవర్‌పాయింట్ గొంతు రికార్డ్ చేయదు. Transitions లో None పెట్టి Apply To All నొక్కండి. స్లైడు మారాక ఒక్క క్షణం ఆగి మాట్లాడండి, మారేముందు మాట పూర్తి చేయండి. మొత్తం మళ్లీ చెప్పక్కర్లేదు. గొంతు ఒక్కో స్లైడుకు విడిగా ఉంటుంది, మాటలు పోయిన స్లైడు దగ్గర నిలబడి రికార్డింగును ప్రస్తుత స్లైడు నుంచి మొదలుపెట్టి, ఆ ఒక్కటి చెప్పి ఆపేయండి.