నలభై ఒకటా, నలభై ఏడా?

చిరంజీవి మాధవికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన కాటా పుస్తకం ఫొటోలు చూశాను. ఒక్కో అంకె దగ్గర ఆగిపోతున్నానని విసుక్కుంటూ రాశావు. ఆగకుండా టైపు చేసుకుంటూ పోయి ఉంటే నాకు భయం వేసేది. మిర్చి టిక్కీల, అంటే మిర్చి బస్తాల తూకాలు ఎక్కువగా నలభైల్లోనే ఉంటాయి కదా. 41 అని చదివినా, 47 అని చదివినా, 45 అన్నా, 46 అన్నా మనసుకు ఏ అనుమానమూ రాదు. 75 కిలోల ధాన్యం బస్తాను 15 అని చదివితే వెంటనే నాలుక కరుచుకుంటాం. ఇక్కడ ఆ సాయం లేదు. గీతను చూసి తేల్చుకోవాలి, తేలకపోతే కూడికను అడగాలి.

తూకాల జోలికి వెళ్లే ముందు పేజీ ఎడమ అంచు చూడు. అక్కడ వరుస సంఖ్యలు ఉన్నాయి. అయిదో వరుసలో ఉన్నది 5, ఏడో వరుసలో ఉన్నది 7, పదిహేడో వరుసలో 1, 7 రెండూ పక్కపక్కనే ఉన్నాయి. వాటిని ఊహించాల్సిన పని లేదు. రాసిన మనిషి 1 ఎలా వేస్తాడో, 7 ఎలా వేస్తాడో అతనే చూపిస్తున్నాడు. ఆ అంకెలున్న ముక్కలను కత్తిరించి పక్కన పెట్టుకో. ఒక్క తేడా మాత్రం మనసులో ఉంచుకో. వరుస సంఖ్యలను తూకాలు రాసే మేము పొద్దున్నే తీరిగ్గా వేసుకునేవాళ్లం. తూకాలను మాత్రం హమాలీ ఒక టిక్కీ దించి ఇంకొకటి ఎత్తేలోపు గీకేవాళ్లం. అందుకని అంచున ముచ్చటగా ఉన్న 7 తూకాల గడిలోకి వచ్చేసరికి తలపాగా ఊడిపోయినట్లు ఉంటుంది.

ఇక ఒకటి, ఏడు. రెండింటికీ పైన ఎడమవైపు చిన్న గీత ఉంటుంది కాబట్టి 'పైన గీత ఉంటే ఏడు' అనుకుంటే మోసపోతావు. ఆ గీత ఎక్కడ మొదలైందో చూడాలి. ఒకటి వేసేవాడి కలం కింది నుంచి కొసకు ఎక్కి, అక్కడి నుంచి కిందికి జారుతుంది. అంటే ఎడమ కొస కుడి కొస కంటే బాగా కిందికి ఉంటుంది. ఏడు వేసేవాడి కలం అడ్డంగా నడిచి మలుపు తిరుగుతుంది. రెండు కొసలూ ఇంచుమించు ఒకే ఎత్తులో ఉంటాయి, కొన్నిసార్లు ఎడమ కొసే పైకి ఉంటుంది. అది కూడా తేలకపోతే ముందున్న 4 వైపు చూడు. ఏడు తన అడ్డగీతకు చోటు కోరుతుంది కాబట్టి దాని నిలువు గీత 4కు ఎడంగా నిలుస్తుంది. ఒకటి దగ్గరగా ఒదిగిపోతుంది. మీ పుస్తకం రాసినతను కొన్ని ఏడులకు నడుమున చిన్న అడ్డగీత పెట్టాడు, కొన్నింటికి పెట్టలేదు. ఆ గీత ఉంటే అది ఏడే. లేనంత మాత్రాన ఒకటి అని రాసేయకు.

అయిదు, ఆరు విషయంలో అందరూ అయిదు నెత్తిన ఉండే అడ్డగీత, అంటే టోపీ కోసం వెతుకుతారు. అయిదుకు టోపీ చివర పెడతారు, కలం ఎత్తి మళ్లీ దించి పెట్టాలి. తొందరలో అది ఎగిరిపోతుంది, లేదా పక్క అంకె మీద పడుతుంది. నేను టోపీని నమ్మను, కింది సగంలో ఎడమ గోడను చూస్తాను. ఆరులో కలం పై నుంచి ఎడమ పక్కగానే దిగి, అడుగున తిరిగి, పొట్ట మూసుకుంటుంది. ఎడమ గోడ పై నుంచి కింది దాకా తెగకుండా ఉంటుంది. అయిదులో కలం కొంచెం దిగి, నడుము దగ్గర కుడివైపుకు విరుగుతుంది. అక్కడ ఒక మూల కనిపిస్తుంది, దాని కింద ఎడమవైపు ఖాళీగా ఉంటుంది. చిక్కంతా తోక పైకి చుట్టుకుని నడుముకు తగిలిన అయిదుతోనే. పొట్ట మూసుకుని అచ్చం ఆరులా కనిపిస్తుంది. అప్పుడు కూడా నడుము దగ్గర మూల దాగదు. ఆరుకు అక్కడ నునుపైన వంపే ఉంటుంది.

ఫొటో వల్ల వచ్చే మాయ కూడా కొంత ఉంది. మూడో ఫొటోను నలుపు తెలుపుగా మార్చి పంపినట్లున్నావు. అలా మారిస్తే కాగితం తెల్లబడి అందంగా ఉంటుంది గానీ, పలచటి సిరాతో పెట్టిన టోపీలు, ఏడు నడుము గీతలు కాగితంతో పాటే తెల్లబడిపోతాయి. రంగుల ఫొటోనే ఉంచు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో నలిగిపోతుంది, డాక్యుమెంట్‌గా పంపమని మీ తమ్ముడికి చెప్పు. ఇంకొకటి, పుస్తకం గీతల కాగితం కాబట్టి ఆ నీలి గీతే ఒకటి తల మీద పడి దాన్ని ఏడుగా చూపిస్తుంది. గీత అంకె దాటి రెండు పక్కలా సాగిపోతుంటే అది కాగితానిది, కలానిది కాదు.

ఇప్పుడు రెండో ఫొటోలోని మొదటి పది టిక్కీలు తీసుకుందాం. నువ్వు చదివినవి 43, 41, 45, 44, 46, 41, 42, 45, 43, 44. కూడితే 434. కింద అతను వేసిన మొత్తం 441. తేడా 7. ఒకటికీ ఏడుకూ మధ్య 6, అయిదుకూ ఆరుకూ మధ్య 1. కాబట్టి ఒక 41 నిజానికి 47, ఒక 45 నిజానికి 46 అయి ఉండాలి. ఏవి అనేది తేడా చెప్పదు, గీత చెప్పాలి. ఆరో టిక్కీ అంకెలో ఎడమ కొస, కుడి కొస ఒకే ఎత్తులో ఉన్నాయి, 4కు ఎడంగా కూడా ఉంది. అది 47. మూడో టిక్కీకి నడుము దగ్గర మూల లేదు. అది 46.

ఇక్కడితో అయిపోయిందని అనుకోకు. ఆ 441లోని చివరి ఒకటి కూడా అతని చేతిదే. అది 447 అయితే తేడా 13, అంటే రెండు 41లూ 47లే, ఒక 45 కూడా 46. అందుకే నేను పక్కనున్న సొమ్ము చూశాను. క్వింటాలు ధర 15,000. 441 కిలోలకు 66,150 రావాలి, 447కు 67,050. పుస్తకంలో ఉన్నది 66,150. మొత్తం 441 అన్నమాట సరే.

తేడా సరిగ్గా 10 వస్తే గీతల్లో వెతకకు. ఇక్కడ పదుల స్థానంలో అన్నీ నాలుగులే కాబట్టి, అతను కూడేటప్పుడు చేతిలోని పదుల్లో ఒకటి తక్కువ కలిపి ఉంటాడు, లేదా ఒకటి ఎక్కువ కలిపి ఉంటాడు. అప్పుడు తూకాలను మార్చవద్దు, మొత్తాన్నీ దిద్దవద్దు. అతను వేసింది ఒక గడిలో, నువ్వు కూడింది పక్క గడిలో ఉంచు. కుర్రతనంలో ఒకసారి, మొత్తం కుదరడం కోసం బాగానే ఉన్న ఒక 41ని నేను 47 చేశాను. సాయంత్రం రైతు తన చీటీ తెచ్చి చూపించాడు. ఆరు కిలోలు ఎక్కడి నుంచి వచ్చాయో కొట్టులో అందరి ముందూ చెప్పుకోవలసి వచ్చింది.

మొత్తం కుదిరినా పట్టుబడని తప్పు ఒకటి ఉంది. ఒక 45ను 46గా, ఇంకో 46ను 45గా చదివితే కూడిక మారదు. రెండూ ఒకే రైతువి అయితే నష్టం లేదు. రెండో ఫొటో అడుగున మాత్రం ముప్పై ఒకటో టిక్కీతో ఒక రైతు సరుకు ముగిసి, ముప్పై రెండుతో ఇంకొకరిది మొదలైంది. రెంటి మధ్యా సన్నటి గీత కొట్టి ఉంది చూడు. ఆ రెండు తూకాలూ ఫొటోలో నాకు తేలలేదు. కిటికీ పక్కన పగటి వెలుతురులో, ఫ్లాష్ లేకుండా, నిటారుగా పై నుంచి ఆ రెండు వరుసలే మళ్లీ తీయించి పంపు.

ఇట్లు,
మీ పెదనాన్న