ఏఏసీ గోడ నిజంగా ఆరిందో లేదో WUFI గ్రాఫ్‌లో ఎలా తెలుస్తుంది?

"విశాఖలో ఒక అపార్ట్‌మెంట్‌కి 200 మి.మీ. ఏఏసీ, అంటే గాలి బుడగల తేలిక కాంక్రీటు బ్లాకు గోడని, గోడల్లో తేమని లెక్కించే WUFI సాఫ్ట్‌వేర్‌లో రన్ చేశాను. మొత్తం నీటి గీత రెండేళ్లూ దాదాపు సమంగానే ఉంది. సేఫ్ అని రిపోర్టు ఇచ్చేయొచ్చా? ఏ ఇన్‌పుట్లు ముందు సరిచూసుకోవాలి?"

ఇప్పుడే ఇవ్వకండి. ముందు ఆ గీత ఎక్కడ మొదలైందో చూడండి. చదరపు మీటరుకి 3 కిలోల దగ్గర మొదలై ఉంటే, మీరు ఎప్పుడో ఆరిపోయిన గోడని పరీక్షించారు.

మొదటిది, ప్రారంభ తేమ. మనం మార్చకపోతే సాఫ్ట్‌వేర్ గోడని 80 శాతం సాపేక్ష తేమతో మొదలుపెడుతుంది. ఆ స్థితిలో ఏఏసీలో ఉండే నీరు దాని బరువులో రెండు మూడు శాతమే. కానీ ఆటోక్లేవ్ నుంచి బయటికొచ్చిన బ్లాకులో దాదాపు 30 శాతం నీరు ఉంటుంది. సైట్‌లో కప్పకుండా వానలో పేర్చి, ప్లాస్టరింగ్ క్యూరింగ్‌కి మళ్లీ తడిపితే అది తగ్గే అవకాశమే లేదు. ఘనపు మీటరుకి 550 కిలోల బ్లాకు అయితే మీ గోడ చదరపు మీటరుకి 110 కిలోలు. అందులో 30 శాతమంటే 33 కిలోల నీళ్లు. మొదటి తేమ దగ్గర ఘనపు మీటరుకి 165 కిలోలు అని వేసి మళ్లీ రన్ చేయండి, గ్రాఫ్ మొత్తం మారిపోతుంది.

ఇదే తప్పు నేను చేశాను. సముద్రానికి దగ్గరగా ఉన్న ఫ్లాటు, పడమటి గోడ బెడ్‌రూమ్, రోజంతా ఏసీ, లోపల వినైల్ వాల్‌పేపర్. గోడ బాగుంటుందని రాసిచ్చాను. రెండో వానాకాలం అయ్యాక ఇంటివాళ్లు ఫోన్ చేశారు. వాల్‌పేపర్ మూల పట్టి లాగితే వెనకున్న పుట్టీ తడిసిన సున్నంలా వేలికి అంటుకుంది, ముక్కిన వాసన గుప్పుమంది. డ్రిల్ వాడితే వేడికి తేమ పోతుందని ఉలితోనే ఒక ముక్క తీసి, వెంటనే పాలిథిన్‌లో బిగించి తూచాం: 412 గ్రాములు. 105 డిగ్రీల ఓవెన్‌లో బరువు ఇక తగ్గనంత వరకు ఉంచితే 334 దగ్గర ఆగింది. ఎండిన బరువులో 23 శాతం నీళ్లు!

రెండోది, లోపలి పూత. ఆవిరికి అది ఎంత అడ్డో చెప్పే విలువ sd. అంటే ఆ పూత ఎన్ని మీటర్ల కదలని గాలితో సమానమో చెప్పే అంకె. మామూలు రంగు వేస్తే ఇది చాలాసార్లు మీటరులో కొంత భాగమే, వినైల్‌కి 2 మీటర్లు, ఇంకా ఎక్కువ కూడా ఉండొచ్చు. చేత్తో లెక్క వేసుకుని చూడండి. g అంటే సెకనుకి చదరపు మీటరు నుంచి పోయే ఆవిరి, δ అంటే గాలి ఆవిరిని ఎంత వదులుతుందో చెప్పే అంకె, Δp అంటే ఆవిరి ఒత్తిడిలో తేడా:

```
g = δ · Δp / sd
δ ≈ 2×10⁻¹⁰ kg/(m·s·Pa)
```

25 డిగ్రీల తడి గోడకీ, 25 డిగ్రీలు 50 శాతం తేమ ఉన్న గదికీ ఆవిరి ఒత్తిడిలో తేడా సుమారు 1,600 పాస్కల్స్. sd 2 అయితే రోజుకి 14 గ్రాములే, ఏడాదికి 5 కిలోలు. లోపలి వైపు నుంచి మాత్రమే 33 కిలోలు పోవాలంటే ఆరేళ్లకు పైనే. మీ సిమ్యులేషన్ లోపలి వైపుకి ఇంతకంటే చాలా వేగంగా ఆరిందని చూపిస్తే పూత విలువ ఎక్కడో తప్పు పడిందని అనుకోండి.

మూడోది వాన. చాలా EPW వెదర్ ఫైళ్లలో వాన కాలమ్ ఖాళీగానో సున్నాతోనో ఉంటుంది, ప్రోగ్రామ్ ఏమీ అడగకుండా నడిచిపోతుంది. వానగాలి తగిలే దిక్కుని కూడా ఎంచుకోండి. బయటి రంగు నీటిని ఆపుతుందనుకున్నా పగుళ్లు ఆపవు కాబట్టి, ఆష్‌రే 160 ప్రమాణం చెప్పినట్టు గోడకి కొట్టే వానలో 1 శాతం లోపలికి చేరుతుందని పెడతాను. ప్లాస్టర్ ఉష్ణవాహకత మూడో దశాంశం గురించి మాత్రం టెన్షన్ పడకండి.

ఫలితం చదివేటప్పుడు మొత్తం గీత ఒక్కటే చూసి ఆగిపోవద్దు. ఆ ఫ్లాటు మళ్లీ రన్ చేస్తే మొత్తం నీరు రెండేళ్లలో 33 నుంచి 25 కిలోలకి దిగింది, అంటే ఆరుతున్నట్టే. అయినా పుట్టీ పొరలో సాపేక్ష తేమ 95 శాతం కిందికి రాలేదు. పడమటి ఎండకి వేడెక్కిన గోడ ఆవిరిని ఏసీ గది వైపు నెడుతుంది, అది వినైల్ వెనక ఆగిపోతుంది. కాబట్టి లోపలి 10 మి.మీ. పొరని విడిగా తెరిచి చూడండి. 80 శాతం దాటి వారాల తరబడి ఉంటే బూజుకి అది చాలు. ఏడాదికేడాది ఒకే తారీఖున పోల్చండి. వేసవి విలువని వానాకాలం విలువతో పోలిస్తే మోసపోతాం. చివర్లో నీటి లెక్క సరిపోయిందో లేదో చెప్పే Balance 1, Balance 2 దాదాపు సమానంగా లేకపోతే ఆ రన్‌ని నమ్మకండి.

మేము వాల్‌పేపర్ తీసేసి, పుట్టీ గీకేసి, అక్టోబరు నుంచి గోడని అలాగే వదిలేశాం. మే నెలలో తీసిన ముక్క 9 శాతం చూపించింది, కొత్త గీత అదే నెలకి 10 చెప్పింది. అప్పుడే ఆవిరిని వదిలే రంగు వేయించాం.